కారు బీమాలో డిడక్టిబుల్ ఎంత పెట్టుకోవాలి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల కారు యజమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

రెన్యువల్ సమయం వచ్చినప్పుడు మా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న ప్రీమియం ఎలా తగ్గుతుందని. డిడక్టిబుల్ పెంచుకుంటే తగ్గుతుందన్న మాట నిజమే. ఎంత తగ్గుతుంది, ఆ తగ్గింపుకు బదులుగా మనం ఎంత భారం నెత్తిన వేసుకుంటున్నాం అన్నది మాత్రం లెక్క వేస్తే తప్ప తెలియదు. సొంత అవసరాలకు వాడుకునే కారునే దృష్టిలో పెట్టుకుని ఆ లెక్కను ఇక్కడ వివరంగా ఇస్తున్నాను.

డిడక్టిబుల్ అంటే ఏమిటి?

కారుకు ప్రమాదం జరిగి, కంపెనీ చెల్లించాల్సిన నష్టం ఇంత అని తేలిన తర్వాత, అందులో మొదటి కొంత మొత్తాన్ని యజమానే భరించాలని పాలసీలో ముందుగా రాసి ఉంటుంది. ఆ మొత్తమే డిడక్టిబుల్. ఇది ఏడాదికి ఒకసారి కట్టే సొమ్ము కాదు. క్లెయిమ్ వేసిన ప్రతిసారీ, అంటే ప్రతి సంఘటనకూ విడిగా, మన జేబులోంచి పోయే సొమ్ము. ఏడాదిలో రెండు ప్రమాదాలు జరిగితే రెండుసార్లు భరించాలి.

ఇందులో రెండు రకాలు ఉన్నాయి. మొదటిది తప్పనిసరి డిడక్టిబుల్. ఇంజిన్ సామర్థ్యం 1,500 సీసీ వరకు ఉన్న సొంత కారుకు ఇది 1,000 రూపాయలు, అంతకు మించితే 2,000 రూపాయలు. దీన్ని మనం వద్దనలేము, దీనికి ప్రీమియంలో తగ్గింపు కూడా ఉండదు. రెండవది వాలంటరీ డిడక్టిబుల్, అంటే మనం ఇష్టపడి అదనంగా ఎంచుకునేది. ప్రీమియం తగ్గేది దీనివల్లనే. వాలంటరీ 5,000 ఎంచుకున్న చిన్న కారు యజమాని ఒక్కో క్లెయిమ్‌కు భరించేది 5,000 కాదు, తప్పనిసరి మొత్తం కూడా కలిపి 6,000. ఈ రెండూ కలుస్తాయన్న సంగతి చాలామందికి క్లెయిమ్ వేసిన రోజున మాత్రమే తెలుస్తోంది.

డిడక్టిబుల్ పెంచితే మొత్తం ప్రీమియం తగ్గుతుందా?

తగ్గదు. కారు పాలసీలో రెండు భాగాలు ఉంటాయి. మన కారుకు జరిగే నష్టానికి సంబంధించినది ఓన్ డ్యామేజ్ భాగం. మన కారు వల్ల ఇతరులకు జరిగే నష్టానికి సంబంధించినది థర్డ్ పార్టీ భాగం. థర్డ్ పార్టీ ప్రీమియాన్ని ప్రభుత్వం నిర్ణయిస్తుంది కాబట్టి మనం ఏది ఎంచుకున్నా అది మారదు. 2022 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం 1,000 సీసీ దాటి 1,500 సీసీ వరకు ఉన్న కారుకు అది ఏడాదికి 3,416 రూపాయలు. వాలంటరీ డిడక్టిబుల్ తగ్గింపు ఓన్ డ్యామేజ్ భాగానికే వర్తిస్తుంది. అందువల్ల థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉన్నవారికి ఈ ప్రశ్నే రాదు. మన కారు మరొకరిని ఢీకొట్టినప్పుడు బాధితుడికి ఇచ్చే పరిహారంలోనూ ఈ కోత ఉండదు.

వాలంటరీ డిడక్టిబుల్‌కు తగ్గింపు ఎంత?

మోటారు టారిఫ్‌లో నాలుగు మెట్లు ఉన్నాయి. 2,500 రూపాయలు ఎంచుకుంటే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం తగ్గుతుంది, కానీ ఆ తగ్గింపు 750 రూపాయలకు మించకూడదు. 5,000కు 25 శాతం, గరిష్ఠంగా 1,500. 7,500కు 30 శాతం, గరిష్ఠంగా 2,000. 15,000కు 35 శాతం, గరిష్ఠంగా 2,500. ఓన్ డ్యామేజ్ ధరలను నిర్ణయించుకునే స్వేచ్ఛ 2007 నుంచి కంపెనీలకు వచ్చింది కాబట్టి ఒక్కో కంపెనీ లెక్క కొంత వేరుగా ఉండవచ్చు. అయితే ఈ మెట్లు ఇప్పటికీ విస్తృతంగా వాడుకలో ఉన్నాయి.

ఇక్కడ శాతం కంటే గరిష్ఠ పరిమితే ముఖ్యం. ఏజెంటు 35 శాతం తగ్గుతుందని చెబితే వినడానికి చాలా పెద్దగా ఉంటుంది. ఓన్ డ్యామేజ్ ప్రీమియం సుమారు 7,143 రూపాయలు దాటిన కారుకు ఆ 35 శాతం అనే మాటకు అర్థం ఉండదు, తగ్గింపు 2,500 దగ్గరే ఆగిపోతుంది. అలాగే 5,000 మెట్టు దగ్గర ఓన్ డ్యామేజ్ ప్రీమియం 6,000 దాటగానే పరిమితి అడ్డుపడుతుంది.

ఒక కారు తీసుకుని లెక్క వేసి చూపిస్తారా?

నెల్లూరులో రిజిస్టర్ అయిన, 1,197 సీసీ పెట్రోలు కారు ఒకటి అనుకుందాం. కొని మూడేళ్లు నిండాయి, ఇంతవరకు ఒక్క క్లెయిమ్ కూడా వేయలేదు. కారుకు పాలసీలో కట్టిన విలువ, అంటే ఐడీవీ, 6 లక్షల రూపాయలు. చెన్నై, హైదరాబాద్, బెంగళూరు వంటి పెద్ద నగరాల్లో రిజిస్టర్ అయిన కార్లు జోన్ ఏ కిందకు వస్తాయి. మన రెండు జిల్లాలు జోన్ బీలో ఉన్నాయి, ఇక్కడ రేటు కొంచెం తక్కువ. జోన్ బీలో అయిదేళ్ల లోపు వయసున్న ఈ సైజు కారుకు పాత టారిఫ్ రేటు 3.191 శాతం, అంటే 19,146 రూపాయలు. దాని మీద కంపెనీ సగం వరకు సొంత తగ్గింపు ఇచ్చి 9,600కు తెచ్చిందనుకుందాం.

ఈ 9,600 మీద నాలుగు మెట్లలో ఏది ఎంచుకున్నా గరిష్ఠ పరిమితి తగులుతుంది. కాబట్టి తగ్గింపులు వరుసగా 750, 1,500, 2,000, 2,500. చాలామంది ఇక్కడితో లెక్క ఆపేస్తారు, కానీ అది పూర్తి కాలేదు. సాధారణంగా నో క్లెయిమ్ బోనస్‌ను మిగతా తగ్గింపులన్నీ తీసేశాక, మిగిలిన మొత్తం మీద లెక్కిస్తారు. మూడేళ్లు క్లెయిమ్ లేని ఈ యజమానికి బోనస్ 35 శాతం. వాలంటరీ డిడక్టిబుల్ వల్ల 1,500 తగ్గినప్పుడు, ఆ 1,500 మీద ఎలాగూ వచ్చే 35 శాతం బోనస్ కూడా తగ్గిపోతుంది. అందువల్ల అసలు మిగిలేది 975 మాత్రమే. దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా ఆదా అవుతుంది కాబట్టి చివరకు చేతిలో మిగిలేది సుమారు 1,150 రూపాయలు.

ఇదే పద్ధతిలో లెక్క వేస్తే 2,500 మెట్టుకు ఏడాదికి మిగిలేది సుమారు 575, 7,500కు 1,534, 15,000కు 1,917 రూపాయలు. ఇప్పుడు ఒక్కో మెట్టు నుంచి పై మెట్టుకు వెళ్లడం ఎలా ఉందో చూడండి. సున్నా నుంచి 5,000కు వెళితే అయిదు వేల భారానికి ఏడాదికి 1,150 వస్తోంది. అంటే సుమారు నాలుగేళ్ల నాలుగు నెలల్లో ఒక క్లెయిమ్‌కు సరిపడా సొమ్ము కూడుతుంది. 7,500 నుంచి 15,000కు వెళితే మరో 7,500 భారానికి అదనంగా వచ్చేది ఏడాదికి 384 రూపాయలు మాత్రమే. ఆ అదనపు భారం పూడాలంటే పందొమ్మిదేళ్లు దాటాలి. అన్నేళ్లు అదే కారును ఉంచుకునేవారు అరుదు. అందువల్ల ఇటువంటి కారుకు 15,000 మెట్టును నేను ఎవరికీ సూచించను.

ఆ ఆదా ఏటా అంతే ఉంటుందా?

ఉండదు. క్లెయిమ్ లేకుండా గడిచేకొద్దీ బోనస్ 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. బోనస్ 50 శాతానికి చేరిన యజమానికి 5,000 మెట్టు వల్ల మిగిలేది సుమారు 885 రూపాయలే. అదే సమయంలో, నిరుటి క్లెయిమ్ వల్ల బోనస్ సున్నాకు పడిపోయిన యజమానికి అదే మెట్టు 1,770 మిగులుస్తుంది. బాగా నడిపి బోనస్ నిలబెట్టుకున్న మనిషికి ఈ ఎంపిక వల్ల వచ్చే లాభం తక్కువగా ఉండడం విచిత్రంగా తోచవచ్చు, కానీ లెక్క అలాగే వస్తుంది.

నిజంగా ప్రమాదం జరిగితే చేతికి ఎంత వస్తుంది?

అదే కారు సాయంత్రం పూట కావలి దాటి ఒంగోలు వైపు జాతీయ రహదారి మీద వెళుతుండగా గేదె అడ్డం వచ్చింది. ముందు బంపరు, గ్రిల్ పగిలాయి, బానెట్ నొక్కుకుపోయింది. షెడ్డు బిల్లు మొత్తం 30,000 రూపాయలు అనుకుందాం. అందులో బంపరు, గ్రిల్ కలిపి 8,000, బానెట్ 12,000, పెయింటు సామగ్రి 4,000, కూలి 6,000.

డిడక్టిబుల్ కంటే ముందు తరుగుదల తీసేస్తారు. ప్లాస్టిక్ భాగాలకు సగం, అంటే 4,000. కారుకు మూడేళ్లు దాటి నాలుగేళ్లు నిండలేదు కాబట్టి లోహ భాగాలకు 25 శాతం, అంటే 3,000. పెయింటు సామగ్రికి సగం, అంటే 2,000. కూలికి తరుగుదల ఉండదు. మొత్తం 9,000 పోగా కంపెనీ లెక్కలో నిలిచేది 21,000. ఇప్పుడు డిడక్టిబుల్ తీస్తారు. వాలంటరీ ఏమీ లేకపోతే తప్పనిసరి 1,000 మాత్రమే పోయి 20,000 వస్తుంది. వాలంటరీ 5,000 ఉంటే 15,000 వస్తుంది. 15,000 ఉంటే 5,000 మాత్రమే వస్తుంది. ముప్పై వేల బిల్లులో ఇరవై అయిదు వేలు మన చేతి నుంచే పోతాయన్న మాట.

జీరో డిప్రిసియేషన్ అదనపు రక్షణ తీసుకున్నవారు డిడక్టిబుల్ కూడా ఉండదని అనుకుంటారు. అది పొరపాటు. ఆ రక్షణ తరుగుదలను మాత్రమే తొలగిస్తుంది. పై ఉదాహరణలో వాలంటరీ 5,000తో పాటు జీరో డిప్రిసియేషన్ కూడా ఉంటే 30,000లో 6,000 పోయి 24,000 వస్తుంది.

చిన్న సొట్టకు క్లెయిమ్ వేయవచ్చా?

డిడక్టిబుల్ నిర్ణయం నిజంగా ఆధారపడేది ఈ ప్రశ్న మీదనే. ఒక్క క్లెయిమ్ వేస్తే నో క్లెయిమ్ బోనస్ సున్నాకు పడిపోతుంది. మన ఉదాహరణలోని యజమాని క్లెయిమ్ వేయకుండా ఉంటే వచ్చే ఏడాది 45 శాతం బోనస్ రావాలి. అప్పటికి ఓన్ డ్యామేజ్ ప్రీమియం బోనస్‌కు ముందు 8,500 ఉంటుందనుకుంటే, పోయే బోనస్ జీఎస్టీతో కలిపి సుమారు 4,500. ఆ తర్వాతి ఏడాది 50 శాతం ఉండాల్సిన చోట 20 శాతమే ఉంటుంది. ప్రీమియం 7,500 అయితే అక్కడ ఇంకో 2,650 పోతుంది. రెండేళ్లకే ఏడు వేలు దాటింది, మూడో ఏడాది కూడా కొంత పోతుంది. కాబట్టి కంపెనీ నుంచి ఏడు వేల కంటే తక్కువ వచ్చే క్లెయిమ్ వేయడం ఈ యజమానికి నష్టమే.

దీనికీ డిడక్టిబుల్‌కూ సంబంధం ఏమిటంటే, తరుగుదల, తప్పనిసరి డిడక్టిబుల్ పోగా ఏడు వేలు చేతికి రావాలంటే బిల్లు కనీసం పదకొండున్నర వేలు ఉండాలి. అంతకు లోపు బిల్లు వస్తే ఆయన ఎలాగూ క్లెయిమ్ వేయడు, తానే బాగు చేయించుకుంటాడు. అటువంటి చిన్న నష్టాల విషయంలో వాలంటరీ డిడక్టిబుల్ ఉన్నా లేకపోయినా తేడా లేదు. అది బాధించేది పెద్ద ప్రమాదం జరిగినప్పుడే, అదీ ఒక పరిమితి వరకే. మంచి బోనస్ ఉన్న యజమానికి 5,000 మెట్టు సమంజసమని నేను అనడానికి కారణం ఇదే. 15,000 మెట్టు మాత్రం వేరు. గేదె ఉదాహరణలో కంపెనీ ఇచ్చేది 5,000 కాగా పోయే బోనస్ ఏడు వేలు. అంటే ముప్పై వేల నష్టానికి కూడా క్లెయిమ్ వేయకుండా ఊరుకోవాల్సి వస్తుంది.

బోనస్‌ను కాపాడే అదనపు రక్షణ తీసుకున్నవారికి ఈ లెక్క మారుతుంది. వారికి చిన్న క్లెయిమ్ వేసినా బోనస్ పోదు కాబట్టి వాలంటరీ డిడక్టిబుల్ ప్రతి చిన్న క్లెయిమ్‌లోనూ బాధిస్తుంది. ఆ రక్షణకు అదనంగా డబ్బు కట్టి, మరోవైపు పెద్ద డిడక్టిబుల్ పెట్టుకోవడం ఒక చేత్తో కొన్నదాన్ని మరో చేత్తో వదులుకున్నట్లే అవుతుంది.

ఒంగోలు, చీమకుర్తి దారిలో రోజూ తిరుగుతాను. ముందు అద్దం తరచూ పగులుతుంది. నాకు డిడక్టిబుల్ పెంచుకోవడం తగునా?

గ్రానైట్ లారీల వెనుక వెళ్లేవారికి రాయి ఎగిరి అద్దం పగలడం తెలిసిన సంగతే. అద్దానికి తరుగుదల ఉండదు. బిగింపుతో కలిపి 9,000 అయితే వాలంటరీ లేనప్పుడు 8,000 వస్తుంది, 5,000 ఉంటే 3,000 వస్తుంది. బోనస్ 35 శాతం ఉన్నవారు ఆ 8,000 కోసం క్లెయిమ్ వేసినా, పోయే ఏడు వేల బోనస్‌తో పోలిస్తే మిగిలేది దాదాపు ఏమీ లేదు. బోనస్ ఇంకా సున్నాలో ఉన్నవారి పరిస్థితి వేరు. వారు వచ్చే ఏడాది కోల్పోయేది 20 శాతం మాత్రమే కాబట్టి అద్దానికి క్లెయిమ్ వేయడం వారికి లాభమే. ఆ దశలో, ఆ దారిలో తిరిగేవారు వాలంటరీ డిడక్టిబుల్ జోలికి పోకుండా ఉండడం మంచిది.

తప్పు నాది కాకపోయినా డిడక్టిబుల్ భరించాలా?

మీ పాలసీ మీద మీ కారును బాగు చేయించుకుంటే భరించాలి. తప్పు ఎవరిదన్న దానితో ఓన్ డ్యామేజ్ క్లెయిమ్‌కు సంబంధం లేదు, నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది.

కారు దొంగతనానికి గురైనా, పూర్తిగా పాడైపోయినా కోత ఉంటుందా?

ఉంటుంది. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే పూర్తి నష్టంగా పరిగణిస్తారు. అప్పుడు కూడా ఐడీవీ నుంచి డిడక్టిబుల్ తీసి మిగిలినది ఇస్తారు. 6 లక్షల ఐడీవీ, 15,000 వాలంటరీ ఉన్న చిన్న కారుకు 5,84,000 వస్తుంది. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి కోతకు గురైనప్పుడు చూసిన వరద మన ప్రాంతంలో మళ్లీ రాదని చెప్పలేము. అటువంటి నష్టంలో డిడక్టిబుల్ చిన్న విషయమే. నీటిలో నిలిచిన కారును స్టార్టు చేయడం వల్ల ఇంజిన్ పాడైతే మామూలు సమగ్ర పాలసీ దాన్ని భరించదు, ఇంజిన్‌కు విడిగా రక్షణ ఉండాలి. డిడక్టిబుల్ పెంచి మిగిల్చుకున్న సొమ్మును పల్లపు ప్రాంతాల్లో ఉండేవారు ఆ రక్షణకు పెట్టడం మెరుగైన ఆలోచన.

ఒక వైపు తలుపు నొక్కుకుంది, వెనుక బంపరు గీసుకుంది. రెండింటికీ కలిపి ఒకే డిడక్టిబుల్ వేస్తారా?

ఒకే సంఘటనలో జరిగితే ఒకటే. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు చోట్ల జరిగితే రెండు క్లెయిములు, రెండు డిడక్టిబుళ్లు. సర్వేయర్ దెబ్బ దిశను, రంగు మరకలను, తుప్పు పట్టిన తీరును చూసి ఇవి ఒకే ప్రమాదంలో తగిలినవో కావో చెప్పగలడు. ఎడమ తలుపు మీద తెల్ల రంగు అంటుకుని, కుడి మూల గీతలో అప్పటికే తుప్పు ఉంటే ఒకే కథ చెప్పి ప్రయోజనం ఉండదు. పైగా తప్పుడు వివరణ వల్ల మొత్తం క్లెయిమ్ తిరస్కరణకు గురయ్యే ప్రమాదం ఉంది.

పాత కారుకు 15,000 పెట్టుకోవచ్చా?

ఎనిమిదేళ్ల కారుకు ఓన్ డ్యామేజ్ ప్రీమియం 2,500 మాత్రమే ఉందనుకోండి. 35 శాతం అంటే 875. బోనస్ 50 శాతం ఉంటే అది 437 అవుతుంది, జీఎస్టీ కలిపితే 516. పదిహేను వేల భారానికి ఏడాదికి 516 రూపాయలు తీసుకుంటున్నట్లు. ఈ బేరం ఎవరికీ గిట్టదు.

నా పాలసీలో వాలంటరీ డిడక్టిబుల్ ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

షెడ్యూల్ పేజీలో తప్పనిసరి, వాలంటరీ మొత్తాలు విడివిడిగా రాసి ఉంటాయి. ఓన్ డ్యామేజ్ ప్రీమియం వరుసలో వాలంటరీ పేరిట తగ్గింపు కనిపిస్తుంది. వర్తించే ఎండార్స్‌మెంట్ల జాబితాలో ఐఎంటీ 22 ఉంటే అది తప్పనిసరి డిడక్టిబుల్, ఐఎంటీ 22ఏ కూడా ఉంటే వాలంటరీ ఎంచుకున్నట్లు. రెండు కంపెనీల ధరలు పోల్చేటప్పుడు ముందుగా రెండింటిలోనూ ఐడీవీ, వాలంటరీ డిడక్టిబుల్, అదనపు రక్షణలు ఒకేలా ఉన్నాయో లేదో చూడాలి. రెండు వేలు తక్కువగా కనిపించిన కొటేషన్‌లో, అడగకుండానే పెట్టిన 7,500 వాలంటరీ దాగి ఉండవచ్చు.

మధ్యలో మార్చుకోవచ్చా?

సాధారణంగా రెన్యువల్ సమయంలోనే మార్చుకోవాలి. కొత్త కారు కొన్నప్పుడు థర్డ్ పార్టీ భాగం మూడేళ్లకు కట్టినా, ఓన్ డ్యామేజ్ భాగాన్ని ఏడాదికే తీసుకుంటే మరుసటి ఏడాది నుంచి ఈ ఎంపిక మీ చేతిలోనే ఉంటుంది.

డిడక్టిబుల్ మేము సర్దుబాటు చేస్తామని షెడ్డువాళ్లు అంటున్నారు. ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోకూడదు. ఆ సర్దుబాటు అంటే మార్చని భాగాన్ని మార్చినట్లు, లేదా ఎక్కువ ధరకు మార్చినట్లు బిల్లు రాయడమే. కాగితాల మీద సంతకం చేసేది మీరు కాబట్టి బాధ్యత మీకే వస్తుంది. నగదు రహిత మరమ్మతులో డిడక్టిబుల్, తరుగుదల, పాలసీ భరించని సామగ్రి ఖర్చు కలిపి కారు తీసుకునే రోజున మీరే షెడ్డుకు కట్టాలి. ముందు సొంత డబ్బుతో బాగు చేయించుకుని తర్వాత క్లెయిమ్ తీసుకునే పద్ధతిలో అయితే కంపెనీ ఆ మొత్తాలు తగ్గించి మీ ఖాతాకు పంపుతుంది. ఏ మొత్తం దేనికింద పోయిందో సర్వేయర్ మదింపు పత్రంలో విడివిడిగా ఉంటుంది. దాన్ని అడిగి తీసుకుని, డిడక్టిబుల్ వరుసలో ఉన్న అంకె మీ షెడ్యూల్‌లోని రెండు మొత్తాల కూడికకు సమానంగా ఉందో లేదో సరిచూసుకోండి.